మార్చి 31న పెట్టుకున్న రిమైండర్ జూన్‌లో ఎందుకు రాలేదు

ప్రశ్న: మూడు నెలలకోసారి గోల్స్ చూసుకోవాలని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటాను. వచ్చినప్పుడు పక్కకి తోసేస్తాను, లేదా చూసి బాధపడి అవే గోల్స్ మళ్లీ రాస్తాను. ఎవరైనా దీన్ని సరిగ్గా నడిపిస్తున్నారా?

నడిపిస్తున్నాను, కానీ మొదటి ఏడాది మొత్తం పాడుచేసుకున్నాకే. బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటాను. గూగుల్ క్యాలెండర్‌లో మార్చి 31న మొదలుపెట్టి, మూడు నెలలకోసారి వచ్చేలా పెట్టాను. జూన్‌లో రాలేదు, సెప్టెంబరులోనూ రాలేదు. నేనే పొరపాటున తీసేశానేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆ రెండు నెలలకీ 31వ తేదీ లేదు! లేని తేదీని క్యాలెండర్ ముందురోజుకి జరపదు, ఆ నెలని వదిలేస్తుంది. అందుకే ఇప్పుడు తేదీ కాకుండా వారం పెట్టాను. Custom లోకి వెళ్లి 3 నెలలు అని ఇచ్చి, Monthly on the last Sunday ఎంచుకోవాలి. లోపల రూల్ ఇలా ఉంటుంది:

```
RRULE:FREQ=MONTHLY;INTERVAL=3;BYDAY=-1SU
```

మొదలుపెట్టే తేదీ మార్చి ఆఖరి ఆదివారం అయ్యేలా చూసుకోండి. ఆ తర్వాత జూన్, సెప్టెంబరు, డిసెంబరు వాటంతటవే వస్తాయి.

పక్కకి తోసేయడానికి ఇంకో కారణం, రిమైండర్‌లో 'గోల్స్ రివ్యూ' అని మాత్రమే ఉండటం. అది చూస్తే ఏం చేయాలో తెలియదు, టెన్షన్ మాత్రం వస్తుంది. నాది ఇప్పుడు 'కన్నడ పాఠాలు 39 అనుకున్నావు, ఎన్ని అయ్యాయి?' అని అడుగుతుంది. దాని కింద షీట్ లింకు ఉంటుంది. అంకె అడిగితే అంకె వేయడానికైనా తెరుస్తాం.

ఇక అసలు లెక్క. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సరిగ్గా 13 వారాలు. వారానికి 3 పాఠాలు చొప్పున 39 అనుకున్నాను, 14 అయ్యాయి. అంతకుముందు ఏడాదైతే మిగిలిన 25 పాఠాలనీ తర్వాతి క్వార్టర్ నెత్తిన వేసేవాణ్ని. 39, 25 కలిపితే 64, అంటే వారానికి దాదాపు 5. మూడు చేయలేనివాడు ఐదు చేస్తాడా? మూడో వారానికే పుస్తకం అటకెక్కేది.

ఈసారి చేతికి నిజంగా దొరికిన వారాలు లెక్కపెట్టాను. చెల్లి పెళ్లికి నెల్లూరులో రెండు వారాలు, ఆఫీసులో రిలీజ్‌కి ఒకటి పోయాయి, మిగిలినవి 10. అంటే వారానికి 1.4 పాఠాలు. జులై–సెప్టెంబరులో చవితికీ ఆడిట్‌కీ కలిపి రెండు వారాలు తీసేస్తే 11. షీట్‌లో C2 చేసినవి, D2 దొరికిన వారాలు, E2 రాబోయే వారాలు అనుకుంటే:

```
=C2/D2*E2
```

15.4 వచ్చింది. 15 అని పెట్టాను. 39 నుంచి 15కి దిగడం ఓడిపోయినట్టే అనిపించింది, దాచుకోను. అయితే ఒక క్వార్టర్ వేగం మీద మరీ భరోసా పెట్టుకోకూడదు. రెండు మూడు క్వార్టర్లు ఒకే దగ్గర తిరిగితేనే అది మీ అసలు వేగం.

అంకె తగ్గించడం సగం పనే. ఎందుకు తగ్గిందో ఒక వాక్యం రాయాలి, 'బద్ధకం' అని రాయకూడదు. నా విషయంలో కారణం వేరే. మా వీధి చివర కూరగాయల ఆమెని 'ఎష్టు?' అని అడిగితే 'కిలో నలభై అన్నా' అని తెలుగులో చెబుతుంది. లిపి మన దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి బోర్డులు చదివేస్తాను, నోటితో పని పడటం లేదు. పాఠాలు పెంచితే ఇది తీరదు. అందుకే కొలతే మార్చాను: 15 పాఠాలతో పాటు, ఎదుటివాళ్లు తెలుగులోకి మారినా నేను కన్నడలోనే ముగించిన సంభాషణలు వారానికి 2, మొత్తం 22.

పొదుపు గోల్ కూడా ఉండేది. 60,000 అనుకుంటే 60,000 అయింది, ఎందుకంటే 5వ తేదీన అకౌంట్ నుంచి దానంతటదే పోతుంది. దాన్ని షీట్‌లోంచి తీసేశాను. పూర్తయ్యే వరుస ఒకటి కనిపిస్తుంటే మిగతావాటిని చూడబుద్ధి కాదు.

సెప్టెంబరు ఆఖరి ఆదివారానికి పాఠాలు 16 అయ్యాయి. సంభాషణలు 22కి 9. కారణం దగ్గర 'ఆమె బండి రాత్రి ఎనిమిదికే తీసేస్తుంది, నేను దిగేసరికి తొమ్మిది' అని రాసి, తర్వాతి క్వార్టర్‌కి శనివారం పొద్దున ఒక్కటి అని మార్చాను.