బి ఫ్లాట్ ట్రంపెట్‌లో ‘సి’ ఊదితే కీబోర్డుతో ఎందుకు కలవదు?

ప్రశ్న: వరంగల్‌లో పెళ్లి బ్యాండులో వాయిస్తాను. కీబోర్డు మీద ‘సి’ నొక్కి, నా ట్రంపెట్‌లో ‘సి’ ఊదితే రెండూ కలవడం లేదు, ఎందుకు?

బి ఫ్లాట్ ట్రంపెట్‌కు, క్లారినెట్‌కు ‘సి’ అని రాసిన స్వరం కీబోర్డు లెక్కలో రెండు మెట్లు కిందనున్న బి ఫ్లాట్‌గా పలుకుతుంది.

దీనికి కారణం గొట్టం పొడవు. క్లారినెట్లు వేర్వేరు పొడవుల్లో ఉంటాయి; బి ఫ్లాట్ దానికంటే ‘ఎ’ క్లారినెట్ కాస్త పొడవు, అర స్వరం కింద పలుకుతుంది. వాద్యం మార్చిన ప్రతిసారీ వేళ్ల పని మళ్లీ నేర్చుకోనక్కర లేకుండా, రాసిన స్వరానికి వేళ్లను స్థిరంగా ఉంచి, పలికే స్వరాన్ని మారనిచ్చారు. శ్రుతి వేరైన రెండు వేణువుల మీద ‘స’కు వేళ్లు ఒకేలా ఉండటం మనకు తెలిసిన సంగతే.

కీబోర్డు మీద పాట ఎఫ్ మేజర్‌లో ‘ఎఫ్, ఎ, సి’ అని మొదలైతే, మీ కాగితం మీద రెండు మెట్లు పైకి జరిపి, జి మేజర్‌లో ‘జి, బి, డి’ అని రాయాలి. పొరపాటున కిందికి జరిపితే తేడా తీరదు సరికదా, రెట్టింపై నాలుగు మెట్లవుతుంది.

వాద్యం శ్రుతి తప్పిందని చాలామంది అపోహపడి, ట్రంపెట్ ట్యూనింగ్ స్లైడ్‌ను లోపలికి నెడతారు. ఆ స్లైడ్ చిన్న తేడాలు సరిచేయడానికే. రెండు మెట్ల ఎడాన్ని అది పూడ్చలేదు.