నిఫ్టీ పడిన రోజు బిట్‌కాయిన్ ఆదుకుంటుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక అమెరికన్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో 14 లక్షలు, నాస్‌డాక్ 100 ఫండ్‌లో 3 లక్షలు ఉన్నాయి. 1.8 లక్షలు పెట్టి కొన్న బిట్‌కాయిన్ ఇప్పుడు 3 లక్షలైంది. రెండేళ్లలో ఫ్లాట్‌కి డౌన్ పేమెంట్ కట్టాలి. అప్పటికి షేర్లు పడిపోతే బిట్‌కాయిన్ అమ్మి కడదామని నా ఆలోచన. దానికీ షేర్లకీ సంబంధం లేదని కొందరు, నాస్‌డాక్ వెనకే నడుస్తుందని కొందరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరి మాటా నిజమేనండి, కాకపోతే వేర్వేరు కాలాల్లో. 2017 నుంచి 2019 దాకా బిట్‌కాయిన్‌కీ అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీకీ మధ్య రోజువారీ కోరిలేషన్ 0.01 అని అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క కట్టింది. కోరిలేషన్ అంటే రెండూ ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే సంఖ్య, సున్నా అయితే సంబంధం లేదు, 1 అయితే పూర్తిగా ఒకే దారి. అంటే లేనట్టే. అదే సంస్థ లెక్కలో 2020-21కి వచ్చేసరికి అది 0.36 అయింది. సంబంధం లేదనేవాళ్లు మొదటి సంఖ్య దగ్గరే ఆగిపోయారు. మీకు మాత్రం ఈ సగటులు పెద్దగా పనికిరావు. మీరు బిట్‌కాయిన్ అమ్మాలనుకుంటున్నది షేర్లు పడినప్పుడు. అలాంటి రోజుల్లో అది ఏం చేసిందో చూడాలి.

2020 మార్చి 12 తీసుకోండి. కరోనా భయంతో ఆ రోజు నిఫ్టీ 8 శాతం పైగా పడింది, ఎస్ అండ్ పీ 500 తొమ్మిదిన్నర శాతం పడింది. బిట్‌కాయిన్ ఆ ఒక్క రోజులోనే మూడో వంతుకు పైగా కోల్పోయింది. బిట్‌కాయిన్‌లో ఏదో లోపం బయటపడి కాదు. అప్పు తెచ్చి షేర్లు కొన్నవాళ్లకి మార్జిన్, అంటే పూచీ డబ్బు, ఇంకా కట్టమని ఫోన్లు వచ్చాయి. అలాంటప్పుడు చేతిలో ఏది వెంటనే అమ్ముడుపోతే అది అమ్ముతారు. ఆ వారంలో బంగారం కూడా పడిందంటే అందుకే. పైగా బిట్‌కాయిన్ శని, ఆదివారాల్లో కూడా అమ్ముడుపోతుంది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాల భయం పట్టుకున్నప్పుడు ఆదివారం నాడు స్టాక్ మార్కెట్లన్నీ మూసి ఉన్నాయి, బిట్‌కాయిన్ అప్పుడే జారి 80,000 డాలర్ల కిందికి వచ్చేసింది. మర్నాడు ఏప్రిల్ 7న నిఫ్టీ 3 శాతానికి పైగా పడింది. ఆ పడటం ఎక్కడ మొదలైందో చూశారా? మీరు గొడుగు అనుకుంటున్నదే ముందు తడిసింది.

భయం కొన్నాళ్లే ఉంటుంది. ఎక్కువ కాలం ఈ రెంటినీ కట్టిపడేసేది వడ్డీ రేట్లు. 2022లో అమెరికా ఫెడరల్ రిజర్వ్ మార్చిలో సున్నాకి దగ్గరగా ఉన్న రేటును డిసెంబరుకల్లా 4.25-4.5 శాతానికి తీసుకెళ్లింది. డబ్బు ఖరీదైతే ఎప్పుడో రాబోయే లాభాల మీద ఆశతో కొన్నవన్నీ ముందు దెబ్బతింటాయి. ఆ ఏడాది అమెరికా టెక్ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ 100 దాదాపు 33 శాతం పడింది, బిట్‌కాయిన్ సుమారు 64 శాతం. నెలల తరబడి ఒకే వార్త, అంటే ద్రవ్యోల్బణం లెక్కో ఫెడ్ సమావేశమో, రెంటినీ ఒకే వైపు నెట్టింది.

మరి నిఫ్టీ? 2022 మొత్తానికి చూస్తే 4 శాతం పెరిగింది. విదేశీ సంస్థలు లక్ష కోట్లకు పైగా షేర్లు అమ్ముకుని వెళ్లిపోతే, ఇక్కడి సంస్థలు కొని నిలబెట్టాయి. ఆ ఏడాది చివరికి మనవాళ్లు నెలనెలా ఫండ్లలో కట్టే సిప్‌ల డబ్బే నెలకి 13 వేల కోట్లు దాటింది. బిట్‌కాయిన్‌కి ఈ సిప్ డబ్బు అండ లేదు, దాన్ని నడిపేది ప్రపంచంలోని డాలర్ల రాకపోకలే. కాబట్టి మీ జాబితాలో బిట్‌కాయిన్‌కి దగ్గరి చుట్టం నిఫ్టీ కాదు, నాస్‌డాక్ ఫండ్. ఇంకా సూటిగా చెప్పాలంటే మీ ఉద్యోగం కూడా. నాస్‌డాక్, బిట్‌కాయిన్ పడిన ఆ 2022 చివర్లో, 2023 మొదట్లో అమెరికా టెక్ కంపెనీలు వేల మందిని ఇంటికి పంపాయి. కోరిలేషన్ లెక్కల్లో జీతం కనిపించదు, కానీ డౌన్ పేమెంట్ తర్వాత ఈఎంఐ కట్టాల్సింది దాంతోనే.

సంబంధం సడలే కాలాలూ ఉన్నాయి. బిట్‌కాయిన్ సొంత ఇంట్లో గొడవ జరిగినప్పుడు అది తన దారిన తను పోతుంది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి కుప్పకూలిన వారం, ద్రవ్యోల్బణం తగ్గిందన్న వార్తతో నవంబరు 10న ఎస్ అండ్ పీ 500 ఒక్క రోజే 5.5 శాతం ఎగిరింది. అదే వారంలో బిట్‌కాయిన్ ఐదో వంతుకు పైగా పోగొట్టుకుంది. దీనికి ఎదురుగా 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మూతపడి అమెరికా బ్యాంకు షేర్లు కూలుతుంటే, బిట్‌కాయిన్ 20,000 డాలర్ల దగ్గర నుంచి నెలాఖరుకి 28,000 డాలర్ల దాకా వెళ్లింది. కోరిలేషన్ తగ్గితే మంచిదే అనుకోవడం సగం నిజం అనేది ఇందుకే. మొదటి సందర్భంలోనూ సంబంధం తెగింది, కానీ అది మీకు నష్టం రూపంలో తెగింది.

మీరే లెక్క చూసుకోవాలంటే ఒక చిక్కు గురించి ముందే చెప్పాలి. నిఫ్టీ మధ్యాహ్నం మూడున్నరకి ముగుస్తుంది. బిట్‌కాయిన్ డేటాలో ఒక తేదీ ముగింపు ధర అంటే సాధారణంగా మనకి మర్నాడు తెల్లవారుజామున ఐదున్నర. మధ్యలో రాత్రంతా అమెరికా మార్కెట్ నడిచి ఉంటుంది. ఆ రాత్రి వార్త బిట్‌కాయిన్‌లో ఈరోజు తేదీ కింద, నిఫ్టీలో రేపటి తేదీ కింద కనబడుతుంది. అందుకే రోజువారీ లెక్కలో సంబంధం ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. "నిఫ్టీకీ దీనికీ అసలు పొంతనే లేదు" అని చూపించే చార్టులు కొన్ని ఇలా తయారైనవే. శుక్రవారం నుంచి శుక్రవారానికి వారపు ధరలు తీసుకోండి. ధరల మీద కాదు, మార్పు శాతాల మీద కోరిలేషన్ చూడాలి. రెండూ ఏళ్ల తరబడి పెరిగినవే కాబట్టి ధరల మీద చూస్తే సంబంధం లేని వాటికి కూడా పెద్ద సంఖ్య వస్తుంది. షీట్‌లో A కాలమ్‌లో నిఫ్టీ, B కాలమ్‌లో రూపాయల్లో బిట్‌కాయిన్ వారపు ధరలు రెండో వరుస నుంచి 54వ వరుస దాకా వేసుకుంటే, మొదటి రెండు సూత్రాలను 54వ వరుస దాకా కిందికి లాగి మూడోది ఒక ఖాళీ గడిలో రాయండి:

```
C3: =A3/A2-1
D3: =B3/B2-1
=CORREL(C3:C54,D3:D54)
```

ఇలా 52 వారాలకి వచ్చిన సంఖ్యని కూడా అతిగా నమ్మకండి. అసలు సంబంధమే లేని రెండు వస్తువులకి కూడా ఇంత తక్కువ డేటాలో కాకతాళీయంగా 0.27 దాకా రావచ్చు. 30 రోజుల డేటా అయితే 0.36 దాకా. కాబట్టి "కోరిలేషన్ 0.15 నుంచి 0.3కి పెరిగింది" అన్న వార్త చూసి మీరు కొనాల్సింది, అమ్మాల్సింది ఏమీ లేదు. 0.5 దాటి కొన్ని నెలలు నిలబడితే అది అసలు మార్పు.

ఇంత అటూ ఇటూ ఊగే సంఖ్య మీద ప్లాన్ కట్టలేం కదా, అందుకే అది ఎటు పోయినా పెద్ద తేడా రాకుండా పరిమాణం పెట్టుకోవాలి. మీ లెక్కే చూద్దాం. సులువుగా ఉండటానికి రెండు ఫండ్లనీ కలిపి షేర్లు అందాం, ఏడాదికి వాటి ఊగిసలాట 16 శాతం, బిట్‌కాయిన్‌ది 60 శాతం అనుకుందాం. మొత్తం 20 లక్షలూ షేర్లలోనే ఉంటే ఒక మామూలు చెడ్డ ఏడాదికి ఊగే మొత్తం 3.2 లక్షలు. ఇప్పుడున్నట్టు 15 శాతం బిట్‌కాయిన్ ఉంటే, కోరిలేషన్ సున్నా అయినప్పుడు అది దాదాపు 3.26 లక్షలు. 0.5 అయితే 3.94 లక్షలు. అంటే సంబంధం అసలు లేని మంచి కాలంలో కూడా మీకు రిస్కు తగ్గలేదు. సంబంధం బిగిస్తే 70 వేల దాకా పెరుగుతోంది. అదే బిట్‌కాయిన్ 5 శాతమే ఉంటే సున్నా దగ్గర 3.1 లక్షలు, 0.5 దగ్గర 3.38 లక్షలు. ఇక్కడ కోరిలేషన్ ఎంత తప్పుగా ఊహించినా మీ ప్లాన్ తలకిందులు కాదు. నా సలహా ఈ 5 శాతమే. అంతకంటే తక్కువైనా నాకు అభ్యంతరం లేదు.

5 శాతానికి రావాలంటే సుమారు 2 లక్షల విలువ అమ్మాలి. అందులో మీ లాభం 80 వేలు. దాని మీద 30 శాతం పన్ను, 4 శాతం సెస్సు కలిపి 24,960 రూపాయలు. అమ్మకం మీద 1 శాతం టీడీఎస్, అంటే 2,000, ముందే పట్టుకుంటారు, రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటవుతుంది. ఎన్నేళ్లు ఉంచుకున్నా దీర్ఘకాల రాయితీ లేదు కాబట్టి పన్ను కోసం ఆగడంలో ప్రయోజనం లేదు. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి. తర్వాత ఎప్పుడైనా బిట్‌కాయిన్‌ని నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని షేర్ల లాభంలో తీసేసుకోవడం కుదరదు, ఇంకో క్రిప్టో లాభంలోనూ కుదరదు, వచ్చే ఏడాదికీ మోసుకెళ్లలేరు. షేర్లతోపాటు అది కూడా పడిన ఏడాది అమ్మాల్సి వస్తే ఆ నష్టం పూర్తిగా మీదే. డౌన్ పేమెంట్ కోసం దాన్ని దాచుకోకూడదని నేననడానికి ఇదొక కారణం.

అమ్మగా వచ్చిన డబ్బుని మళ్లీ ఫండ్‌లో వేయకండి. రెండేళ్లలో కావాల్సిన డబ్బు బ్యాంకు ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో ఉండాలి. డౌన్ పేమెంట్‌కి ఎంత కావాలో మీరు రాయలేదు. దానికి ఇంకా తక్కువయ్యే మొత్తాన్ని నిఫ్టీ ఫండ్ నుంచి ఇప్పటి నుంచే నెలనెలా కొంచెం కొంచెం అదే ఎఫ్‌డీ వైపు మార్చుకుంటూ రండి. ఏడాది దాటిన యూనిట్ల మీద ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల దాకా లాభానికి పన్ను లేదు. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత అమ్మితే రెండేళ్ల మినహాయింపూ వాడుకోవచ్చు. నాస్‌డాక్ ఫండ్‌కి మాత్రం ఈ మినహాయింపు వర్తించకపోవచ్చు, అది విదేశీ ఫండ్ల కోవలోకి వస్తుంది, అమ్మే ముందు మీ స్టేట్‌మెంట్‌లో దాని వర్గం చూసుకోండి.