మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు

సందేహం: ఇంగ్లీషు మీడియంలో ఆరో తరగతి చదివే మా మనవరాలు ఒక లెక్కను ఫొటో తీసి పంపి, తెలుగులో చెప్పమంది. నేను ఇలా రాసి పంపాను: "ఒక వ్యాపారి దగ్గర 240 కిలోల బియ్యం ఉన్నాయి. మొదటి రోజు 1/4 వంతు, రెండో రోజు 2/3 వంతు అమ్మాడు. ఇంకా ఎంత మిగిలింది?" దీనికి 20 కిలోలు వస్తోంది. పుస్తకం వెనక 60 అని ఉందట. ఫొటో కూడా జతచేస్తున్నాను. తెలుగులో ఎక్కడ తప్పింది?

సమాధానం: అంకెలన్నీ సరిగానే దించారు. మీరు వదిలేసింది ఒక్క మాట. ఫొటోలో 2/3 పక్కన "ఆఫ్ ద రిమెయిండర్" అని ఉంది. అంటే రెండో రోజు అమ్మింది మొత్తం బియ్యంలో 2/3 వంతు కాదు, మొదటి రోజు అమ్మకం తర్వాత మిగిలిన వాటిలో 2/3 వంతు. మొదటి రోజు 60 కిలోలు పోగా 180 మిగిలాయి. అందులో 2/3 వంతు 120. చివరికి మిగిలేవి 60 కిలోలు. మీ వాక్యం ప్రకారమైతే రెండో రోజు 240లో 2/3 వంతు, అంటే 160 అమ్మినట్టు. 60, 160 పోగా మిగిలేవి 20.

ఈ తప్పు కంటబడకపోవడానికి కారణం, 20 అన్నది కూడా నమ్మదగ్గ జవాబులాగే ఉండటం. మొదటి రోజు 1/4 బదులు 1/2 ఉంటే, మీ వాక్యంలో వ్యాపారి 240 కిలోల్లోంచి 280 అమ్మాల్సి వచ్చేది. తప్పు వెంటనే తెలిసిపోయేది.

ఇక ఆ మాటను తెలుగులో ఎలా పెట్టాలి? "మిగిలిన బియ్యంలో 2/3 వంతు" అని రాయండి. ఇక్కడ ప్రాణమంతా "లో" మీదే ఉంది. అది జారి "మిగిలిన 2/3 వంతు" అయితే, మిగిలిందే 2/3 వంతు, అదంతా అమ్మేశాడు అన్న అర్థం వస్తుంది. నిజానికి మిగిలింది 3/4 వంతు కదా! "అందులో 2/3 వంతు" అని పొట్టిగా రాయడం ఇంకా ప్రమాదం. మాటల్లో మనం తేలిగ్గా వాడేస్తాం కానీ, "మొదటి రోజు 1/4 వంతు అమ్మాడు. అందులో 2/3 వంతు..." అని చదివిన పిల్ల, అమ్మిన 60 కిలోల్లో 2/3 వంతు, అంటే 40 అనుకోవచ్చు. కథలో సర్వనామం అందం. లెక్కలో మాత్రం నామవాచకాన్ని మళ్లీ రాయడమే మేలు, వాక్యం కాస్త మొరటుగా ఉన్నా సరే.

అనువాదం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఆ లెక్కలోని అంకెలే సాయం చేస్తాయి. 240ని నాలుగు సమానమైన గడులుగా గీయండి. ఒక్కో గడి 60. మొదటి రోజు ఒక గడి పోయింది, మూడు మిగిలాయి. ఆ మూడింట్లో రెండు రెండో రోజు పోయాయి. చివరికి మిగిలింది ఒక గడి. లెక్క కట్టినవాళ్లు 1/4 తర్వాత 2/3 ఎంచుకున్నది ఇందుకే. మీ తెలుగు వాక్యం ప్రకారం గడులు కొడితే, రెండో రోజు రెండు గడులు పూర్తిగా, మూడోదాంట్లో కొంత ముక్క పోవాలి. ఆరో తరగతి లెక్క అలా ముక్కలైతే, మూలాన్ని మరోసారి చదవాలని అర్థం. ఇది అన్ని లెక్కలకూ పనిచేసే సూత్రం కాదు గానీ, భిన్నాల లెక్కల్లో చాలాసార్లు పట్టిస్తుంది.

భిన్నాలను అక్షరాల్లో రాస్తే తెలుగులో హారం ముందు వస్తుంది: మూడింట రెండు వంతులు. ఇంగ్లీషు వరుసలో రాయబోతే తారుమారవుతాయి. పిల్లల కోసం 2/3 అని అంకెల్లోనే ఉంచండి.

ఫొటో విషయంలో ఒక్క జాగ్రత్త. పూర్ణాంకం పక్కన చిన్న భిన్నం ఉంటే, వంకరగా తీసిన ఫొటోలో 2 1/2 కాస్తా 21/2 లా కనిపిస్తుంది. మొదటిది రెండున్నర, రెండోది పదిన్నర. అనుమానం వస్తే లెక్కలోని మిగతా అంకెలతో పోల్చండి. 5 కిలోల సంచిలోంచి పదిన్నర కిలోలు తీయలేం కదా. అలా తేలకపోతే ఫొటో మళ్లీ తెప్పించుకోవడమే.

మీ వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: "ఒక వ్యాపారి దగ్గర 240 కిలోల బియ్యం ఉన్నాయి. మొదటి రోజు వాటిలో 1/4 వంతు అమ్మాడు. రెండో రోజు, మిగిలిన బియ్యంలో 2/3 వంతు అమ్మాడు. చివరికి ఎన్ని కిలోల బియ్యం మిగిలాయి?" మీ రెండు అమ్మకాలు ఒకే వాక్యంలో ఉన్నాయి, వాటిని విడదీశాను. పక్కపక్కన పెడితే రెండూ మొత్తం బియ్యానికే చెందినట్టు అనిపిస్తాయి. అన్నట్టు, బియ్యం మనకు బహువచనం. మొదటి వాక్యంలో "ఉన్నాయి" అన్నారు కాబట్టి చివర కూడా "మిగిలాయి" అనే ఉండాలి.