మీడియా టీమ్‌కి మెమో రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ, వందనాలు.

ఆరాధన రికార్డింగుల గురించి వాలంటీర్లకు మెమో నువ్వే రాస్తానన్నావు. సంతోషం. అయితే "ఫైళ్లకు సరైన పేర్లు పెట్టండి" అని రాసి వదిలెయ్యకు. సరైన పేరంటే ఎవరికి తోచింది వాళ్లు పెడతారు. అసలు పేరే రాసి చూపించు. 2025 ఏప్రిల్ 20 ఈస్టర్‌నే తీసుకో. ఆ రోజు రెండు ఆరాధనలు:

```
2025-04-20_1_sunrise_full.mp4
2025-04-20_2_main_full.mp4
2025-04-20_2_main_message.mp3
```

సంవత్సరం ముందెందుకని అడుగుతారు. కారణం కూడా ఒక్క వాక్యంలో రాసెయ్. రోజు ముందు పెడితే ఫోల్డర్లో మే 4 ఆరాధన (04-05-2025) ఏప్రిల్ 6 (06-04-2025) కంటే పైకెక్కి కూర్చుంటుంది. పాస్టర్ గారి పేరు, వాక్యభాగం ఫైలు పేరులో ఇరికించవద్దను. వాటికి షీటులో ఒక వరుస చాలు. `final`, `final2` అనేవి మాత్రం కనిపించకూడదు. ఏది అసలుదో పెట్టినవాడికే గుర్తుండదు.

ఎక్స్‌పోర్ట్ దగ్గర కాస్త ఎక్కువ రాయి, తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. ఓబీఎస్‌లో రికార్డింగ్ `mkv`లో పెట్టించు. మామూలు `mp4` అయితే ఫైలును చదవడానికి కావలసిన సమాచారం రికార్డింగ్ ఆపినప్పుడే చివర్లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే మొత్తం తెరుచుకోదు. `mkv` అయితే పోయిన క్షణం దాకా మిగులుతుంది. ఆరాధన అయ్యాక `File > Remux Recordings` నొక్కితే `mp4` అవుతుంది. మళ్లీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి నాణ్యత తగ్గదు, గంటలూ పట్టదు.

ప్రసంగం ఆడియో వేరుగా, మోనో, 96 కేబీపీఎస్ ఎంపీ3. నలభై ఐదు నిమిషాలకు సుమారు 32 ఎంబీ. ఊళ్లో పెద్దవాళ్లకు వాట్సాప్‌లో పంపడానికి అదే హాయి. పాటలకు ఆ కొలత పనికిరాదు, తాళాల మోత గరగరలాడుతుంది.

"పెన్ డ్రైవ్ పాడైంది అన్నా" అనే ఫోన్ నీకూ వస్తుంది. చాలాసార్లు పాడవదు. 6 ఎంబీపీఎస్ వీడియో గంటకు 2.7 జీబీ, రెండు గంటలకు 5.4. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా కాపీ కాదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేస్తే సరి, అందులో ఉన్నవి ముందు వేరేచోట దాచుకోవాలి.

దాచడం అంటే రెండు కాపీలు: ఒకటి చర్చి హార్డ్ డిస్కులో, ఇంకోటి వేరే ఇంట్లో ఉండే డిస్కులో. రెండూ ఒకే బీరువాలో ఉంటే దొంగ రెండూ పట్టుకుపోతాడు. కాపీ అయ్యాక సైజు బైట్లతో సహా సరిపోల్చి, రెండు డిస్కుల్లోనూ చివరి ఐదు నిమిషాలు ప్లే చేసి చూడమను. మొదటి నిమిషం బాగుందని వదిలేస్తే ఆశీర్వాద ప్రార్థన దగ్గర తెగిపోయిన సంగతి నెల తర్వాత తెలుస్తుంది. కెమెరా కార్డును ఆ రోజు ఎవరూ ఫార్మాట్ చేయకూడదు. వచ్చే ఆదివారం పొద్దున, రెండు కాపీలూ ఉన్నాయని షీటులో టిక్ చూశాకే. టిక్ పక్కన పెట్టినవాళ్ల పేరు కూడా ఉండాలి.