బ్యాటరీ తీగలు తారుమారైతే: వరుస డయోడా, పాజిటివ్ వైపు మాస్‌ఫెట్టా?

ప్రశ్న: "12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ బ్యాటరీతో నడిచే స్ప్రేయర్ ఉంది. బ్యాటరీ మార్చేటప్పుడు ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారై స్పీడు బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డుకు వరుసలో డయోడ్ పెట్టమని ఒకరు, పీ-చానల్ మాస్‌ఫెట్ పెట్టమని ఇంకొకరు చెబుతున్నారు. పంపు సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. ఏది పెట్టాలి? దానిలో ఎంత వోల్టేజీ పోతుంది?"

జవాబు: 3 ఆంపియర్ల దగ్గర నేనైతే మాస్‌ఫెట్టే పెడతాను. మంచి షాట్కీ డయోడ్‌లో దాదాపు అర వోల్టు పోతుంది. సరైన మాస్‌ఫెట్‌లో పోయేది 0.06 వోల్టు. అయితే డయోడ్‌ను తిప్పి పెడితే పంపు నడవదు కాబట్టి తప్పు వెంటనే తెలిసిపోతుంది. మాస్‌ఫెట్‌ను తిప్పి పెట్టినా పంపు చక్కగా నడుస్తుంది, రక్షణ మాత్రం ఉండదు. ఇలాంటి బోర్డులు బాగుచేసే పనిలో నాకు ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకం తప్పే కనుక, వోల్టేజీ లెక్కతో పాటు దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా రాస్తున్నాను.

ముందుగా మీ బోర్డు ఎందుకు కాలిందో చూడండి. మోటారు వేగాన్ని తగ్గించే ఈ బోర్డుల్లో సాధారణంగా నెగటివ్ వైపు ఒక ఎన్-చానల్ మాస్‌ఫెట్, మోటారుకు అడ్డంగా ఒక ఫ్రీవీలింగ్ డయోడ్ ఉంటాయి. తీగలు తారుమారైతే ఆ మాస్‌ఫెట్‌లో పుట్టుకతోనే ఉండే బాడీ డయోడ్, ఈ ఫ్రీవీలింగ్ డయోడ్ రెండూ ఒకే వరుసలో కరెంటును పోనిస్తాయి. అంటే బ్యాటరీకి అడ్డంగా రెండు డయోడ్లు తప్ప ఇంకేమీ లేనట్టే. 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఆ దారిలో ఎన్నో పదుల ఆంపియర్లు సునాయాసంగా పంపగలదు. ఫ్యూజు లేకపోతే బోర్డు మీది రాగి గీత నల్లబడి లేస్తుంది, పక్కన ఉన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ తల ఉబ్బుతుంది. మీ పాత బోర్డులో ఈ రెండు గుర్తులూ ఉంటే కారణం ఇదే.

డయోడ్ మార్గం చాలా సులువు: బ్యాటరీ పాజిటివ్‌కు ఆనోడ్, బోర్డు వైపు కాథోడ్, అంతే. మామూలు సిలికాన్ డయోడ్ 1N5408 పెడితే 3 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు దరిదాపుల్లో పోతుంది, అది 3 వాట్ల వేడి. షాట్కీ డయోడ్ 1N5822 కి డేటాషీటులో 3 ఆంపియర్ల దగ్గర గరిష్ఠంగా 0.525 వోల్టు అని ఉంటుంది, కొలిస్తే సాధారణంగా అంతకన్నా కొద్దిగా తక్కువే వస్తుంది. వేడి ఒకటిన్నర వాటు. స్ప్రేయర్ అడుగున గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో, వేసవి ఎండలో ఆ ఒకటిన్నర వాటు కూడా తక్కువేమీ కాదు. డయోడ్ కాళ్ల దగ్గర టంకం మసకబారి పగుళ్లిచ్చిన బోర్డులు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి.

అర వోల్టు పోతే ఏమవుతుందన్నది అడగవలసిన ప్రశ్నే. 12 వోల్టుల్లో అది నాలుగు శాతం మాత్రమే కాబట్టి పంపు వేగంలో తేడాను మీరు గమనించకపోవచ్చు. అసలు చిక్కు లో-బ్యాటరీ కటాఫ్ దగ్గర వస్తుంది. లెడ్-యాసిడ్ బ్యాటరీ వోల్టేజీ లోడు మీద సుమారు 12.5 నుంచి 10.8 వరకు దిగుతుంది; నిండు బ్యాటరీకీ ఖాళీ బ్యాటరీకీ ఉన్న తేడా రెండు వోల్టులు కూడా లేదు. బోర్డు 10.8 దగ్గర ఆగేలా తయారై, డయోడ్ తరువాతి వోల్టేజీని కొలుస్తుంటే, బ్యాటరీ ఇంకా 11.3 దగ్గర ఉండగానే పంపు ఆగిపోతుంది. చివరి దశలో వోల్టేజీ త్వరగా పడిపోతుంది కనుక పోయే సమయం మరీ ఎక్కువ కాదు గానీ, మందు కొడుతూ చేను మధ్యలో ఆగిపోయిన రైతుకు ఈ వివరణ ఓదార్పునివ్వదు. కటాఫ్‌ను అర వోల్టు కిందికి జరిపి సరిపెట్టడమూ కుదరదు, ఎందుకంటే డయోడ్‌లో పోయే వోల్టేజీ కరెంటును బట్టీ వేడిని బట్టీ మారుతూ ఉంటుంది.

ఇక మాస్‌ఫెట్ సంగతి. నేను ఈ పనికి IRF4905 వాడతాను: 55 వోల్టుల పీ-చానల్, గేట్ మీద 10 వోల్టులు ఉన్నప్పుడు ఆన్ నిరోధం గరిష్ఠంగా 0.02 ఓమ్. లెక్క సులభం: 3 × 0.02 = 0.06 వోల్టు, వేడి 0.18 వాటు. హీట్‌సింక్ లేకుండానే చుట్టూ ఉన్న గాలికన్నా పది, పన్నెండు డిగ్రీలు మాత్రమే ఎక్కువ వేడెక్కుతుంది. మాస్‌ఫెట్ నిరోధం వేడితో పెరిగే మాట నిజమే, కానీ ఇంత చిన్న అంకె కొంత పెరిగినా నష్టం లేదు.

కలిపే తీరులోనే జాగ్రత్త కావాలి. డ్రెయిన్‌ను బ్యాటరీ పాజిటివ్‌కు, సోర్స్‌ను బోర్డు పాజిటివ్‌కు, గేట్‌ను 10 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా నెగటివ్‌కు కలపాలి. మాస్‌ఫెట్‌ను స్విచ్చుగా వాడే అలవాటున్నవారికి ఇది తిరగబడినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ పీ-చానల్ సోర్స్ సప్లై వైపు ఉంటుంది. ఇక్కడ పని బాడీ డయోడ్‌తో మొదలవుతుంది. బ్యాటరీ సరిగ్గా కలిపిన క్షణంలో కరెంటు ముందు ఆ డయోడ్ గుండా పోయి సోర్స్‌ను దాదాపు 11 వోల్టులకు లేపుతుంది. గేట్ నెగటివ్ దగ్గరే ఉంది కాబట్టి చానల్ తెరుచుకుని, డయోడ్‌ను పక్కకు నెట్టి తానే కరెంటు మోస్తుంది. బ్యాటరీ తిరగబడితే బాడీ డయోడ్ ఎదురు దిశలో ఉంటుంది, గేట్‌కూ సోర్స్‌కూ మధ్య తేడా ఉండదు, చానల్ తెరుచుకోదు.

గేట్‌కూ సోర్స్‌కూ మధ్య 15 వోల్టుల జీనర్ డయోడ్ ఒకటి, గీత ఉన్న వైపు సోర్స్‌కు వచ్చేలా పెట్టండి. IRF4905 గేట్ 20 వోల్టుల వరకే తట్టుకుంటుంది; వదులైన క్లిప్పు కదిలినప్పుడు మోటారు నుంచి వచ్చే పోటు అంతకన్నా పైకి పోవచ్చు. 12 వోల్టుల జీనర్ పెడితే నిండు బ్యాటరీ దగ్గరే అది కొద్దికొద్దిగా కరెంటు లాగుతుంది, అందుకే 15. చిన్న AO3401A వాడదామనుకునేవారు దాని గేట్ పరిమితి 12 వోల్టులేనని గుర్తుంచుకోవాలి. అది ఒక్క లిథియం సెల్‌తో నడిచే పరికరాలకు బాగుంటుంది, లెడ్-యాసిడ్ బ్యాటరీకి కాదు. ఇంకొకటి, IRF4905 వెనుక రేకు లోపల డ్రెయిన్‌కే కలిసి ఉంటుంది. ఈ వైరింగులో ఆ రేకు మీద ఎప్పుడూ బ్యాటరీ పాజిటివ్ ఉంటుంది కనుక దాన్ని లోహపు చట్రానికి తగలనివ్వకండి.

బోర్డును కలపకముందే పరీక్ష చేయండి. బోర్డు స్థానంలో బైకు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల, 10 వాట్ల బల్బు పెట్టండి. బల్బుకు పాజిటివ్, నెగటివ్ తేడా లేదు, ఈ పరీక్షకు అది పనికొచ్చేది అందుకే. బ్యాటరీని సరిగ్గా కలిపితే పూర్తిగా వెలగాలి. తీగలు మార్చి కలిపితే అసలు వెలగకూడదు. రెండు వైపులా వెలిగితే డ్రెయిన్, సోర్స్ తారుమారయ్యాయన్న మాట: తిరగేసినప్పుడు కరెంటు బాడీ డయోడ్ గుండా పోతోంది. తరువాత పంపు నడుస్తుండగా మల్టీమీటరు మిల్లీవోల్టుల రేంజిలో డ్రెయిన్, సోర్స్ కాళ్ల మధ్య కొలవండి. 60 మిల్లీవోల్టులు లేదా అంతకన్నా తక్కువ వస్తే సరే. 700 దరిదాపుల్లో ఉంటే చానల్ తెరుచుకోలేదని, బాడీ డయోడ్ ఒక్కటే మోస్తోందని అర్థం. గేట్ రెసిస్టర్ టంకం ఊడిందేమో చూడండి. ఈ స్థితిలో పంపు మామూలుగానే తిరుగుతుంది, మాస్‌ఫెట్ మాత్రం రెండు వాట్లు మోస్తూ చేయి పెట్టలేనంతగా కాలుతుంది. మాస్‌ఫెట్ పెట్టినా డయోడ్ కన్నా ఎక్కువ వేడి వస్తోందని వచ్చే ఫిర్యాదుల్లో నేను మొదట కొలిచేది ఇదే.

డయోడ్ చేసి మాస్‌ఫెట్ చేయలేని పని ఒకటి ఉంది. ఈ మాస్‌ఫెట్ కరెంటు ఏ దిశలో పోతోందో చూడదు. గేట్‌కన్నా సోర్స్ తగినంత పైన ఉంటే చాలు, తెరిచే ఉంచుతుంది. కాబట్టి చార్జింగ్ సాకెట్ బోర్డు వైపు ఉంటే చార్జర్ కరెంటు దాని గుండా వెనక్కు బ్యాటరీకి పోతుంది, డయోడ్ ఉంటే పోదు. ఇది సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, చార్జర్ పెట్టి ఉండగా బ్యాటరీని తిరగేసి కలిపితే చార్జర్ వోల్టేజీయే మాస్‌ఫెట్‌ను తెరిచి ఉంచుతుంది, రక్షణ పోతుంది. సాకెట్‌ను బ్యాటరీ వైపే, విడిగా ఫ్యూజుతో కలపడం మేలు. బోర్డు మీది పెద్ద కెపాసిటర్ ఇంకా నిండుగా ఉండగానే తీగలు తిరగేసి తాకిస్తే ఇదే చిక్కు కొన్ని క్షణాల పాటు వస్తుంది. గేట్ రెసిస్టర్ 100 కిలో ఓమ్ అయితే గేట్ ఖాళీ కావడానికి పట్టే సమయం పది రెట్లు అవుతుంది, అందుకే 10 అన్నాను. ఎదురు కరెంటును కూడా ఆపాలంటే LM74700-Q1 వంటి కంట్రోలర్‌తో ఎన్-చానల్ మాస్‌ఫెట్ వాడాలి. స్ప్రేయర్‌కు అంత అవసరం లేదు.

ఏది పెట్టినా బ్యాటరీ పాజిటివ్ దగ్గరే 5 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి, మాస్‌ఫెట్ ఎప్పుడైనా షార్టయితే మిగిలే రక్షణ అదొక్కటే. ఇక మీ స్ప్రేయర్‌లో వోల్టేజీ చూపించే చిన్న మీటరు కూడా ఉండి, దానికి వేరే తీగ వెళ్తుంటే, అక్కడ మాస్‌ఫెట్ అక్కర్లేదు. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు తీసుకునే భాగానికి 1N5819 ఒక్కటి చాలు. మీటరు చూపే అంకె మాత్రం బ్యాటరీ అసలు వోల్టేజీ కన్నా సుమారు పావు వోల్టు తగ్గి వస్తుందని తెలిసి చదవాలి.