అనూషకు, కత్తి పదును గురించి

చిరంజీవి అనూషకు పెద్దనాన్న దీవెనలు.

టమాటా మీద కత్తి జారిపోతోందని, జపాన్ కత్తి కొనమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దమ్మా. నీ ఎనిమిది అంగుళాల స్టీలు కత్తి మంచిదే, పదును పోయిందంతే. జపాన్ కత్తుల్లో చాలావాటి ఉక్కు బాగా గట్టిది. అంచును సన్నగా నూరినా నిలుస్తుంది, కానీ కొబ్బరి చిప్పకో మామిడి టెంకకో తగిలితే పెచ్చు ఊడిపోతుంది. నీ కత్తిది కాస్త మెత్తటి స్టీలు. దెబ్బ తగిలితే అంచు వంగుతుందే గానీ తొందరగా విరగదు, సాన కూడా సులువుగా పడుతుంది. మన వంటకి అదే నయం. మీ అమ్మ కత్తిపీటలాంటి ఇనుప అలుగుకి పదును ఇంకా బాగా ఎక్కుతుంది, కాకపోతే చింతపండు, నిమ్మరసం తగిలిన వెంటనే కడిగి తుడవకపోతే నల్లబడి తుప్పు పడుతుంది.

ఆ డబ్బుతో ఒక సానరాయి కొనుక్కో. ఒక్కటే కొనేటట్టయితే 1000 నంబరు రాయి తీసుకో. నంబరు తగ్గేకొద్దీ రాయి గరుకు. 400 లాంటిది అంచు విరిగిన కత్తికే కావాలి. నీళ్లలో నానబెట్టే రకమైతే బుడగలు ఆగేదాకా, పది పదిహేను నిమిషాలు నానబెట్టి, తడి గుడ్డ మీద కదలకుండా పెట్టు.

మొదలుపెట్టే ముందు కత్తి అంచు వెంబడి రెండు వైపులా స్కెచ్ పెన్నుతో గీత గీయి. కత్తిని రాయి మీద పడుకోబెట్టి, వీపు వైపు దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు పైకి లేపు. నీ కత్తి వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లుంటే అది ఇరవై డిగ్రీల వాలు అవుతుంది. నాలుగైదుసార్లు రుద్ది చూడు. సిరా అంచుకి పైన మాత్రమే పోతే వీపు బాగా కిందికి ఉన్నట్టు, చివర అంచు దగ్గరే పోతే ఎక్కువ లేపినట్టు. మొత్తం పోయిందంటే వాలు కుదిరింది. ఇక చేయి అదే వాలులో ఉండాలి. కత్తి మొన దగ్గర అంచు వంపు తిరుగుతుంది కాబట్టి అక్కడ పిడిని కొద్దిగా పైకెత్తాలి.

ఎంతసేపు రుద్దాలంటే, లెక్క లేదు. ఒక వైపు రుద్దుతూ ఉంటే అంచు దగ్గరి ఉక్కు సన్నటి పొరలా అవతలి వైపుకి ఒరుగుతుంది. దాన్నే బర్ అంటారు. అవతలి వైపున బొటనవేలిని వీపు నుంచి అంచు వైపుకి మెల్లగా జార్చి చూస్తే చిన్న గరుకు తగులుతుంది. అంచు వెంబడి మాత్రం ఎప్పుడూ వేలు లాగొద్దు. ఆ గరుకు పిడి దగ్గర నుంచి మొనదాకా ఎక్కడా తెగకుండా తగలాలి. మధ్యలో తగిలి మొన దగ్గర తగలకపోతే, అక్కడికి ఇంకా సాన అందలేదన్నమాట. పూర్తిగా వచ్చాకే కత్తి తిప్పి రెండో వైపు అలాగే రుద్దు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అలా ఆపితే కత్తి ఆ పూట అద్భుతంగా కోస్తుంది, రెండు రోజులకే మొద్దుబారుతుంది. కోసింది అసలు అంచు కాదు, ఆ పలచటి బర్. అది మడతపడగానే పదును పోతుంది. అందుకే చివర్లో ఒత్తిడి తగ్గిస్తూ, కత్తి బరువు తప్ప ఇంకేమీ వేయకుండా, అటొకసారి ఇటొకసారి రుద్దు. రెండు వైపులా ఏ గరుకూ తగలకపోతే పని అయినట్టు. న్యూస్ పేపర్ కోసి చూడు. ఎక్కడ చిక్కుకుంటే సరిగ్గా ఆ చోటే మళ్లీ రాయి మీద పెట్టు.

వాడగా వాడగా రాయి మధ్యలో గుంట పడుతుంది, ఇక వాలు కుదరదు. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గ్రానైట్ గట్టు మీద పరిచిన తడి ఎమరీ పేపర్‌పై గళ్లన్నీ చెరిగేదాకా రుద్దితే చదునవుతుంది. వీధిలో వచ్చే సాన చక్రానికి మాత్రం ఈ కత్తి ఇవ్వకు. నీళ్లు లేకుండా తిరిగే చక్రం మీద అంచు వేడెక్కి నీలం రంగు తిరిగితే ఉక్కు అక్కడ మెత్తబడుతుంది. తర్వాత ఎంత నూరినా పదును నిలవదు.

చెక్క పలక మీదే కోయి, గ్రానైట్ మీదా స్టీలు పళ్లెంలోనూ వద్దు. పలక మీద ముక్కలు ఊడ్చేటప్పుడు కత్తిని తిరగేసి వీపుతో ఊడ్చు. కడిగి, తుడిచి, వెంటనే దాచు. సింక్‌లో సబ్బు నీళ్ల కింద కత్తి వదిలితే, గిన్నెలు తోమే మనిషి చేయి తెగుతుంది. సొరుగులో గరిటెల మధ్య పడేస్తే అంచు దెబ్బతింటుంది, వెతికే చేతికీ ప్రమాదం. గోడకి అయస్కాంతం పట్టీ కొట్టించుకో, పిల్లాడికి అందనంత ఎత్తులో. పెట్టేటప్పుడు వీపు ముందు ఆనించి తర్వాత అలుగు వాల్చు, తీసేటప్పుడు అంచు ముందు లేపు. అది కుదిరేదాకా మందపాటి అట్టతో ఒర చేసి తొడుగు. చేతిలోంచి కత్తి జారితే పట్టుకోబోకు, వెనక్కి జరుగు.

మొదటిసారి రుద్దాక సిరా ఎక్కడ మిగిలిందో ఫోటో తీసి పంపు, చూసి చెప్తాను.

పెద్దనాన్న