డెల్టా, బ్రావో, 2030 జులూ

సందేహం: ఎన్‌సీసీ శిబిరంలో వాకీటాకీలో మాట్లాడేటప్పుడు అక్షరాలను ఆల్ఫా, బ్రావో అనీ, రాత్రి ఎనిమిదిన్నరను 2030 అనీ చెప్పాలని నేర్పారు. రేడియోలు ఇప్పుడు డిజిటల్ అయ్యాయి కదా! ఈ పద్ధతి ఇంకా ఎందుకు?
– ఒక కేడెట్, తార్నాక

ఇంట్లో ఫ్యాను పూర్తి వేగంతో పెట్టి, పక్క గదిలో ఉన్నవారికి బి, డి, పి, టి, వి అక్షరాలను వరుస మార్చి చదివి వినిపించండి. వాళ్లు రాసుకున్నది చూస్తే మీకే తెలుస్తుంది. అన్నిటి చివరా ఉన్నది ఒకే 'ఈ' శబ్దం. తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది, అది సెకనులో కొన్ని వందో వంతులకు మించి నిలవదు. పైగా మాటల కోసం వాడే రేడియో సుమారు 300 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య శబ్దాలనే పంపుతుంది. 'ఎస్'ను 'ఎఫ్' నుంచి వేరు చేసే శబ్దం చాలావరకు ఆ పైన ఉంటుంది కాబట్టి దారిలోనే కోతపడుతుంది.

డిజిటల్ రేడియోలో గరగర తగ్గిన మాట నిజమే. కానీ అది గొంతును చాలా తక్కువ డేటాలోకి కుదిస్తుంది. సిగ్నల్ బలహీనపడితే మాటలో ఒక ముక్క మొత్తంగా ఎగిరిపోతుంది. 'నవంబర్' నడుమ ముక్క పోయినా పోల్చుకోగలం. 'ఎన్' పోతే మిగిలేది ఏమీ లేదు.

అయితే ప్రతి అక్షరానికీ ఏదో ఒక మాట తగిలిస్తే సరిపోదు. మా ఇంట్లో రౌటర్ పాడైనప్పుడు ఫోనులో సీరియల్ నంబరు చెబుతూ నేను 'డి ఫర్ డాల్' అన్నాను. అవతలి వాళ్లు 'బి ఫర్ బాల్' అనుకుని రాసుకున్నారు. ఫిర్యాదు వేరెవరి రౌటర్ మీదో నమోదైంది, రెండు రోజులు ఇంటర్నెట్ లేదు. డాల్, బాల్ రెండూ మంచి మాటలే, పక్కపక్కన పెడితేనే పనికిరావు.

సైన్యాలు, విమానాలు వాడే జాబితాను తయారుచేసిన వాళ్లకూ సరిగ్గా ఈ చిక్కే ఎదురైంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1951లో తెచ్చిన జాబితాలో 'ఎన్'కు నెక్టార్, 'ఎక్స్'కు ఎక్స్‌ట్రా అని ఉండేది. వాడుకలోకి వచ్చాక నెక్టార్ విక్టర్‌లా, ఎక్స్‌ట్రా డెల్టాలా వినిపించసాగాయి. పలు దేశాల వారితో మళ్లీ పరీక్షలు జరిపి ఐదు మాటలు మార్చారు. నవంబర్, ఎక్స్‌రే అలా వచ్చినవే. 1956 మార్చి 1 నుంచి ఆ జాబితానే నడుస్తోంది. ఆ పరీక్షల్లో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. విడిగా వింటే 'ఫాక్స్‌ట్రాట్' కన్నా 'ఫుట్‌బాల్' తేలికగా అర్థమైంది, అన్ని మాటల మధ్య కలిపి విన్నప్పుడు మాత్రం ఫాక్స్‌ట్రాటే గెలిచింది.

ఇది రహస్య భాష కాదు, శత్రువు విన్నా అర్థమవుతుంది. ప్రతి మాటనూ ఇలా విడగొట్టరు, ఊరి పేర్లకూ సంకేతాలకూ మాత్రమే వాడతారు. ఘట్‌కేసర్ అని చెప్పాలంటే ముందు పేరు పూర్తిగా పలికి, 'ఐ స్పెల్' అని, గోల్ఫ్, హోటల్, ఆల్ఫా, టాంగో, కిలో, ఎకో, సియెర్రా, ఆల్ఫా, రోమియో అని, మళ్లీ పేరు పలకాలి.

గడియారం విషయంలోనూ భయం అదే. 'ఏఎం', 'పీఎం' అన్న చిన్న తోక వినబడకపోతే పన్నెండు గంటల తప్పు వస్తుంది. 2030లో అలాంటి తోక లేదు. ఎప్పుడూ నాలుగు అంకెలే కాబట్టి మూడే వినిపిస్తే ఒకటి జారిపోయిందని వెంటనే తెలుస్తుంది, మళ్లీ అడగవచ్చు.

సందేశంలో దానికి ముందు తేదీ, వెనక కాలమండలం అక్షరం చేరతాయి. 052030Z అంటే 5వ తేదీ 20 గంటల 30 నిమిషాలు, జులూ కాలం, అంటే ప్రపంచ ప్రామాణిక కాలం. హైదరాబాద్‌లో దానికి ఐదున్నర గంటలు కలపాలి. అప్పుడు 6వ తేదీ తెల్లవారుజామున 2 గంటలవుతుంది. తేదీ కూడా మారిందని గమనించండి. జులూను మరచి మన గడియారంలో 5వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర అనుకున్నవాళ్లు ఐదున్నర గంటల ముందే వెళ్లి నిలబడతారు.

ఇక్కడ మనవాళ్లు పొరబడే చోటు మరొకటి ఉంది. చివర 'ఐ' ఉంటే దాన్ని 'ఇండియా' అని చదువుతారు, కానీ అది మన కాలం కాదు. ప్రామాణిక కాలానికి తొమ్మిది గంటలు ముందుండే మండలం, జపాన్ గడియారం దానిదే. ఈ అక్షరాలు పూర్తి గంటలకే కేటాయించారు కాబట్టి మన ఐదున్నరకు సొంత అక్షరం దక్కలేదు. మీ శిబిరంలో స్థానిక కాలం వాడుతుంటే ఆ మాట సందేశంలో విడిగా చెప్పండి, విన్నవారి చేత సమయాన్ని తిరిగి చదివించుకోండి.